ఆరు రెట్ల వేగం ఎక్కడికి పోతోంది?

గుంటూరు బ్రాడీపేటలో జీఎస్టీ రిటర్నులు, ఆదాయపు పన్ను లెక్కలు చూసే మిత్రుడొకాయన ఉన్నారు. ఆయన 2018లో కొన్న ల్యాప్‌టాప్‌లో 1 టీబీ హార్డ్ డిస్క్ ఉండేది. పొద్దున స్విచ్ నొక్కి, కింద టీ తాగి మెట్లెక్కి వచ్చినా తెర మీద ఆ చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. ఎవరో చెబితే ఆ హార్డ్ డిస్క్ తీయించి, అదే చోట 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టించారు. ఇక టీకి వెళ్లే అవసరం పోయింది. కొన్నాళ్లకు అదే ల్యాప్‌టాప్‌లో ఎం.2 అనే ఖాళీ స్లాటు ఒకటి ఉందని, అందులో ఎన్‌వీఎంఈ డ్రైవ్ పెడితే సాటా కంటే ఆరు రెట్లు వేగమని తెలిసింది. డబ్బు పెట్టి అదీ వేయించారు. వారం తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఇది: “ఏంటండీ, ఆరు రెట్లన్నారు. ట్యాలీ నిన్న తెరుచుకున్నట్టే ఇవాళా తెరుచుకుంటోందే?”

షాపువాడు మోసం చేయలేదు. డ్రైవ్ నకిలీదీ కాదు. పెట్టె మీద రాసిన 3,500 ఎంబీ వేగం పరీక్షిస్తే నిజంగానే వస్తోంది. మెషీన్ అదే, ప్రాసెసర్ అదే, ర్యామ్ కూడా అదే 8 జీబీ. మారింది డ్రైవ్ ఒక్కటే. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు డ్రైవ్‌నీ ప్రాసెసర్‌నీ కలిపి మెచ్చుకుంటారు కాబట్టి ఏది ఎంత పని చేసిందో తేలదు. ఈయన మెషీన్‌లో మాత్రం స్పష్టంగా తేలుతుంది. అందుకే ఆరు రెట్లు ఎక్కడికి పోయాయో ఆయన ల్యాప్‌టాప్‌లోనే వెతుకుదాం.

ముందు ఈ రెండు పేర్ల సంగతి. సాటా డ్రైవ్‌లో అయినా, ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లో అయినా మన ఫైళ్లు కూర్చునేది ఫ్లాష్ చిప్పుల్లోనే. తేడా ఆ చిప్పుల నుంచి ప్రాసెసర్ దాకా ఉన్న దారిలో, ఆ దారిలో మాట్లాడుకునే పద్ధతిలో ఉంది. సాటా 2003లో వచ్చింది. అప్పటికి ల్యాప్‌టాప్‌లో డిస్క్ అంటే తిరిగే పళ్లెం, దాని మీద కదిలే ముల్లు. ఆ వస్తువు కోసమే దాన్ని రూపొందించారు. 2009 నాటికి దాని మూడో తరం వచ్చి సెకనుకు 600 ఎంబీ దగ్గర ఆగింది. అక్కడా ఇక్కడా పోయేది పోగా చేతికొచ్చేది 550 ఎంబీ. ఇప్పుడు కొన్నా, పదేళ్ల క్రితం కొన్నా మంచి సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టె మీద దాదాపు ఇదే అంకె ఉంటుంది, ఎందుకంటే దారి వెడల్పు అంతే. ఎన్‌వీఎంఈ మొదటి ప్రమాణం 2011లో వెలువడింది. ఇది తిరిగే పళ్లేన్ని పూర్తిగా మరిచిపోయి, ఫ్లాష్ కోసమే రాసిన పద్ధతి. గ్రాఫిక్స్ కార్డు వాడే పీసీఐఈ దారినే ఇదీ వాడుకుంటుంది. మూడో తరం పీసీఐఈలో నాలుగు లేన్ల మీద 3,500 ఎంబీ, నాలుగో తరంలో 7,000 ఎంబీ వరకు వస్తుంది. ఐదో తరం డ్రైవ్‌లు ఇంకా పైకి పోతున్నాయి.

ఈ అంకెలన్నీ ఒకే రకం పనికి చెందినవి. డ్రైవ్ నుంచి ఒక పెద్ద ఫైలును మొదటి నుంచి చివరి దాకా వరసగా చదివితే వచ్చే వేగం అది. ఒక సినిమా ఫైలును ఈ డ్రైవ్ నుంచి అంతే వేగమున్న ఇంకో డ్రైవ్‌కు పంపితే ఆ అంకె కంటికి కనిపిస్తుంది. మన మిత్రుడి పొద్దుటి పని అలాంటిది కాదు. విండోస్ లేవడం, ట్యాలీలో కంపెనీ తెరవడం, ఎక్సెల్ షీటు, బ్రౌజరులో పది ట్యాబులు, ఇవన్నీ వేల చిన్న చిన్న ముక్కలు చదివే పనులు. ఇక్కడ 4 కేబీ, అక్కడ 16 కేబీ, ఇంకోచోట సెట్టింగుల ఫైలులో నాలుగు వరసలు. పైగా చాలాసార్లు ఒక ముక్క చేతికొచ్చాక గానీ తర్వాత ఏ ముక్క కావాలో ప్రోగ్రాముకు తెలియదు.

లెక్క వేసి చూద్దాం. ఒక పని పూర్తి కావడానికి 4 కేబీ ముక్కలు 10,000 ఒకదాని తర్వాత ఒకటి చదవాలనుకుందాం. మొత్తం కలిపితే 40 ఎంబీ. ఫోనులో తీసిన చిన్న వీడియోకు సరిపోయేంత.

పాత హార్డ్ డిస్క్ నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 90 చుట్లు. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది, అది 5.5 మిల్లీసెకన్లు. ముల్లు తన వరసకు జరగడానికి ఇంకో 12 మిల్లీసెకన్లు. మొత్తం 17 పైచిలుకు. అంటే సెకనుకు అరవై ముక్కలు కూడా దాటవు. పదివేల ముక్కలకు దాదాపు మూడు నిమిషాలు. నిజ జీవితంలో కొన్ని ముక్కలు పక్కపక్కనే ఉంటాయి, విండోస్ కూడా కొన్నిటిని ముందే తెచ్చి పెట్టుకుంటుంది కాబట్టి అంత ఘోరంగా ఉండదు గానీ, ఒక టీకి సరిపడా వ్యవధి మాత్రం దొరుకుతుంది.

సాటా ఎస్‌ఎస్‌డీలో తిరిగేది లేదు, కదిలేది లేదు. ఒక ముక్క రావడానికి సుమారు 0.1 మిల్లీసెకను. పదివేల ముక్కలకు ఒక్క సెకను.

ఎన్‌వీఎంఈలో ఒక ముక్కకు సుమారు 0.06 మిల్లీసెకను. పదివేల ముక్కలకు 0.6 సెకను.

మొదటి మార్పులో మిగిలింది నిమిషాలు. రెండో మార్పులో మిగిలింది సెకనులో సగం కన్నా తక్కువ. ఆ సగాన్ని మనిషి గుర్తుపట్టలేడు. గుర్తుపట్టగలిగినా వారానికల్లా అలవాటైపోతుంది. ఆరు రెట్లు కాస్తా ఇక్కడ రెండు రెట్లకు కూడా చేరలేదు.

ఎందుకు చేరలేదన్నది ఈ మొత్తం వ్యవహారంలో ఆసక్తికరమైన భాగం. ఒక ముక్క కోసం అడిగిన క్షణం నుంచి అది చేతికొచ్చే క్షణం వరకు పట్టే సమయంలో పెద్ద వాటా దారిది కాదు, ఫ్లాష్ చిప్పుది. చిప్పులోని కణాల్లో ఎంత విద్యుదావేశం ఉందో కొలిచి, అది ఏ అంకెకు గుర్తో తేల్చడానికి మామూలు ఫ్లాష్‌కు 50 మైక్రోసెకన్లు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. మైక్రోసెకను అంటే మిల్లీసెకనులో వెయ్యో వంతు. తేలిన 4 కేబీని సాటా దారి మీద పంపడానికి 7 మైక్రోసెకన్లు, ఎన్‌వీఎంఈ దారి మీద ఒకటో రెండో. దీనికి తోడు సాటా పాత పద్ధతిలోని మాటామంతీ కొంత ఖర్చు. దారిని ఎంత వెడల్పు చేసినా చిప్పు తీసుకునే ఆ 50 అలాగే ఉంటుంది.

మరి ఎన్‌వీఎంఈ గొప్ప ఎక్కడుంది? ఒకేసారి బోలెడన్ని కోరికలు వచ్చి పడినప్పుడు. సాటా డ్రైవ్‌లు వాడే పాత పద్ధతిలో ఒకే వరస, అందులో 32 కోరికలకు మాత్రమే చోటు. ఎన్‌వీఎంఈ ప్రమాణం ప్రకారం 65 వేల వరసల దాకా పెట్టుకోవచ్చు, ఒక్కో వరసలో అన్ని వేల కోరికలు నిలబడవచ్చు. తిరుమలలో లడ్డూ కౌంటర్లు ఎన్ని తెరిస్తే అంత మంది త్వరగా బయటపడతారు. కానీ వచ్చిన భక్తుడు ఒక్కడే అయితే, కౌంటర్లు ఎన్ని తెరిచినా అతని చేతిలో లడ్డూ పడటానికి పట్టే సమయం మారదు. వేలమంది ఒకేసారి అడిగే సర్వర్లలో ఎన్‌వీఎంఈ రాజ్యమేలుతుంది. ఒక మనిషి, ఒక కీబోర్డు, ఒక ట్యాలీ ఉన్నచోట డ్రైవ్ ముందు ఒకేసారి నిలబడే కోరికలు చాలావరకు ఒకటి, రెండు, మహా అయితే నాలుగు.

ఇది నోటిమాట కాదని చూసుకోవాలంటే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అది నాలుగు వరసల్లో ఫలితం చూపిస్తుంది. అందరూ స్క్రీన్‌షాట్ తీసి స్నేహితులకు పంపేది పై వరస, `SEQ1M Q8T1`. అది పెట్టె మీద రాసే అంకె. మీ రోజువారీ పనికి దగ్గరగా ఉండేది అన్నిటికంటే కింది వరస, `RND4K Q1T1`. 4 కేబీ ముక్కలు, చెదురుమదురుగా, ఒకసారికి ఒకటి అని దాని అర్థం. అక్కడ హార్డ్ డిస్క్‌కు సెకనుకు అర ఎంబీ రావడం కూడా కష్టం. సాటా ఎస్‌ఎస్‌డీకి 30 నుంచి 40 వస్తుంది. మూడో తరం ఎన్‌వీఎంఈకి 50 నుంచి 70, నాలుగో తరంలో మేలైన వాటికి 80, 90. పై వరసలో ఏడు వేలు చూపించిన డ్రైవ్ కింది వరసలో తొంభైకి ఆగిపోవడం మొదటిసారి చూసినవాళ్లకు ఏదో లోపంలా అనిపిస్తుంది. లోపం కాదు, ఫ్లాష్ అంటే అంతే. ఫ్లాష్ కాని జ్ఞాపకంతో ఇంటెల్ ఆప్టేన్ అని ఒకటి తెచ్చింది. అది 10 మైక్రోసెకన్ల దరిదాపుల్లో జవాబిచ్చేది, ఈ కింది వరసలో మామూలు ఎన్‌వీఎంఈని చాలా వెనక్కి నెట్టేసేది. ఖరీదు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. 2022లో ఇంటెల్ ఆ వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది.

డ్రైవ్ నుంచి ముక్క వచ్చేసినంత మాత్రాన పని అయిపోదు. దాన్ని విప్పాలి, వైరస్ ఉందేమో డిఫెండర్ చూడాలి, ప్రోగ్రాము దాన్ని అర్థం చేసుకుని తెర మీద గీయాలి. ఇదంతా ప్రాసెసర్ పని. హార్డ్ డిస్క్ రోజుల్లో ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూసేది. ఎస్‌ఎస్‌డీ వచ్చాక డిస్క్ వాటా కుంచించుకుపోయింది. ఎక్సెల్ తెరుచుకోవడానికి మూడు సెకన్లు పడితే అందులో డిస్క్ వాటా అర సెకను ఉండవచ్చు. ఆ అర సెకనును సగం చేసినా మిగిలిన రెండున్నర అలాగే ఉంటుంది. మన మిత్రుడి ట్యాలీ “నిన్నటిలాగే” తెరుచుకోవడానికి కారణం ఇదే. ఇక నెలలో 20వ తేదీన, 3బీ రిటర్నులకు గడువు ముగిసే రోజున, జీఎస్టీ పోర్టల్ తిరుగుతూ కూర్చుంటే ఏ తరం డ్రైవ్ పెట్టినా ఆ చక్రం ఆగదు. ఆ ఆలస్యం మన టేబుల్ మీద లేదు.

“సరే, ఫైళ్లు కాపీ చేసేటప్పుడైనా తేడా ఉండాలిగా?” అని అడుగుతారు. ఉండాలి, రెండు వైపులా దారి వెడల్పుగా ఉంటే. సాధారణంగా ఉండదు. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ కనెక్షన్ అంటే సెకనుకు 12.5 ఎంబీ. పాత హార్డ్ డిస్క్ కూడా దాన్ని హాయిగా రాసుకోగలదు. మామూలు ఫోన్లలో చాలావాటి కేబుల్ దారి ఇప్పటికీ యూఎస్‌బీ 2.0, అక్కడ 40 ఎంబీ దాటదు. చవక పెన్‌డ్రైవ్‌లు రాసేటప్పుడు అంతకంటే తక్కువకు దిగిపోతాయి.

పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసేవాళ్ల సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఎక్కువ వేగం తమకే కావాలని వాళ్లు గట్టిగా నమ్ముతారు. ముహూర్తం అయ్యాక 128 జీబీ కార్డు తెచ్చి ల్యాప్‌టాప్‌లో పెట్టారు. ఎక్కువమంది వాడే రకం కార్డు సెకనుకు 90 ఎంబీ ఇస్తుంది. మొత్తం దిగడానికి 24 నిమిషాలు. లోపల సాటా ఉన్నా 24 నిమిషాలే, ఎన్‌వీఎంఈ ఉన్నా 24 నిమిషాలే. ఆ తర్వాత ఎడిటింగ్. కెమెరా 4కే వీడియోను 100 ఎంబీపీఎస్‌తో రికార్డు చేసిందనుకుంటే, దాన్ని ఆడించడానికి డ్రైవ్ సెకనుకు 12.5 ఎంబీ ఇస్తే చాలు. మండపం నాలుగు వైపులా నాలుగు కెమెరాలు పెట్టి, నాలుగింటినీ ఒకే తెర మీద పక్కపక్కన ఆడించినా 50 ఎంబీ. సాటా దారిలో పదో వంతు కూడా నిండలేదు. అయినా వీడియో ఆగి ఆగి నడుస్తోందంటే, ఆ కుదించిన వీడియోను విప్పలేక ప్రాసెసరో గ్రాఫిక్సో అలిసిపోతున్నాయి. ఆ డబ్బు అక్కడ పెట్టాలి.

తేడా నిజంగా కనిపించే చోట్లు కూడా చెప్పుకోవాలి. అదే ఫొటోగ్రాఫర్ సీజను ముగిశాక 100 జీబీ ప్రాజెక్టును సెకనుకు 1,000 ఎంబీ రాయగలిగే పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీకి పంపుతున్నాడనుకుందాం. లోపల సాటా ఉంటే దాదాపు 180 సెకన్లు, ఎన్‌వీఎంఈ ఉంటే 100. రోజుకు పదిసార్లు ఇలాంటివి చేసేవాడికి ఇది లెక్కలోకొచ్చే సమయమే. రోజంతా రెండు మూడు వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి, పెద్ద డేటాబేసుల మీద పనిచేసేవాడికి, కుదించని ప్రొఫెషనల్ వీడియోతో కుస్తీ పట్టేవాడికి డ్రైవ్ ముందు వరస నిజంగానే పెరుగుతుంది. అక్కడ ఎన్‌వీఎంఈ తన విలువ చూపిస్తుంది. ఆటల విషయంలో మాత్రం, లోడింగ్ సమయంలో ఒకటి రెండు సెకన్ల తేడాకే ఎక్కువ ఆటలు ఆగిపోతాయి.

మీరు ఏ కోవలోకి వస్తారో ఊహించుకోవలసిన పని లేదు, ల్యాప్‌టాప్‌నే అడగవచ్చు. విసుగు తెప్పించే పని ఏదో అది చేస్తూ టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ విభాగంలో డిస్క్ మీద నొక్కండి. `Active time` అని ఒక శాతం, `Average response time` అని మిల్లీసెకన్లలో ఒక అంకె కనిపిస్తాయి. శాతం వందకు అతుక్కుపోయి, రెండో అంకె వందల్లోకి పోతుంటే డిస్క్ చేతులెత్తేసిందన్న మాట. హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్లలో రోజూ కనిపించే దృశ్యం ఇది. ఎస్‌ఎస్‌డీ ఉండి, శాతం పది ఇరవై దగ్గర ఆడుతూ, రెండో అంకె ఒకటి రెండు దాటకుండా ఉంటే మీ విసుగుకు కారణం డిస్క్ కాదు. ఎంత ఖరీదైన డ్రైవ్ తెచ్చినా ఆ విసుగు తగ్గదు.

ఇదే తెరలో పైన మెమరీ అని ఉంటుంది. అది తొంభై శాతం దగ్గర ఉందంటే అసలు దొంగ దొరికినట్టే. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సరుకును డిస్క్ మీదికి తోసి, మళ్లీ అవసరమైనప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. 4 జీబీ ర్యామ్‌తో ఇరవై ట్యాబులు తెరిచినవాళ్లకు డిస్క్ నెమ్మదిగా ఉన్నట్టు అనిపించేది ఇందుకే. ఎన్‌వీఎంఈ ఆ రాకపోకలను కొంచెం తొందరపెట్టగలదు, ఆపలేదు. ర్యామ్ జవాబిచ్చే సమయం మైక్రోసెకనులో పదో వంతు. ఏ ఎస్‌ఎస్‌డీ అయినా దానికి వందల రెట్లు వెనకే ఉంటుంది. కాబట్టి ఉన్న డబ్బు ఎన్‌వీఎంఈకో ఇంకో 8 జీబీ ర్యామ్‌కో ఒక్కదానికే సరిపోతే నేను ర్యామ్ వైపే ఉంటాను.

సాటానా ఎన్‌వీఎంఈనా అన్న వాదనలో మరుగున పడిపోయే సంగతి ఇంకొకటి ఉంది: ఆ డ్రైవ్ ఎలాంటిది అన్నది. చవక ఎస్‌ఎస్‌డీల్లో ఒక్కో కణంలో నాలుగు బిట్లు కుక్కుతారు. దీన్ని క్యూఎల్‌సీ అంటారు. తక్కువ ధరకు ఎక్కువ చోటు వస్తుంది, కానీ రాయడం చాలా నెమ్మది. ఆ నెమ్మది కనబడకుండా డ్రైవ్‌లో కొంత భాగాన్ని కణానికి ఒక్క బిట్ చొప్పున వాడి, ముందు అక్కడ చకచకా రాసేసి, తీరిక దొరికినప్పుడు లోపలికి సర్దుకుంటారు. రోజూ రాసే నాలుగైదు జీబీలకు ఆ ఏర్పాటు బాగానే సరిపోతుంది. ఒకేసారి 150 జీబీ పోస్తే ఆ చోటు నిండిపోతుంది, వేగం అప్పటికప్పుడు కూలిపోతుంది. వేలల్లో మొదలైన కాపీ సెకనుకు 100 ఎంబీకి, కొన్ని డ్రైవ్‌లలో అంతకన్నా కిందికి దిగిపోతుంది. పాత హార్డ్ డిస్క్ కూడా వరసగా రాస్తే అంత రాసేది! పెట్టె మీద మాత్రం మొదటి నిమిషపు అంకే ఉంటుంది. డ్రైవ్ నిండేకొద్దీ ఆ తాత్కాలిక చోటు కూడా కుంచించుకుపోతుంది, కాబట్టి పది పదిహేను శాతం ఖాళీ వదలడం మంచిది. ఇందుకే వేగమైన 256 జీబీ డ్రైవ్‌ను కిక్కిరిసేలా నింపి వాడటం కంటే, దానికన్నా నెమ్మదైన 512 జీబీ డ్రైవ్‌ను సగం ఖాళీగా వాడటం సుఖం.

చవక డ్రైవ్‌ల విషయంలో ఎన్‌వీఎంఈకి ఒక న్యాయమైన మొగ్గు ఉంది. ఏ ఫైలు ఏ చిప్పులో ఉందో చెప్పే పట్టికను మంచి డ్రైవ్‌లు తమ సొంత డీర్యామ్ చిప్పులో పెట్టుకుంటాయి. ఖర్చు తగ్గించుకోవడానికి చవక వాటిలో ఆ చిప్పు తీసేస్తారు. అప్పుడు పట్టిక కోసం కూడా ఫ్లాష్ దాకా వెళ్లి రావాలి, ప్రతి చదువుకూ రెండు ప్రయాణాలు. ఎన్‌వీఎంఈ డ్రైవ్ ల్యాప్‌టాప్ ర్యామ్‌లోంచి కొన్ని పదుల ఎంబీ అరువు తీసుకుని పట్టికలో కొంత అక్కడ పెట్టుకోగలదు. సాటాకు ఆ వెసులుబాటు లేదు. డీర్యామ్ లేని చవక సాటా డ్రైవ్ నిండుగా ఉన్నప్పుడు తడబడటానికి ఇది పెద్ద కారణం. ధర ఒకటే అయి, ల్యాప్‌టాప్‌లో రెండింటికీ చోటు ఉంటే ఎన్‌వీఎంఈనే తీసుకోండి అని నేను చెప్పేది 3,500 అంకె చూసి కాదు, దీన్ని చూసి.

కానీ చోటు ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట నాలుగు అంగుళాల దూరం నుంచి చూసినా సాటా ఎం.2 డ్రైవ్, ఎన్‌వీఎంఈ ఎం.2 డ్రైవ్ కవలల్లా ఉంటాయి. రెండూ 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న పలుచని పట్టీలే. ఎం.2 అనేది ఆకారం పేరు, అంతకు మించి ఏమీ చెప్పదు. బంగారు రంగు కాళ్ల దగ్గర రెండు గాట్లు ఉంటే ఎక్కువగా సాటా, ఒకే గాటు ఉంటే ఎక్కువగా ఎన్‌వీఎంఈ. “ఎక్కువగా” అన్నది గుర్తుపెట్టుకోండి, రెండు గాట్ల ఎన్‌వీఎంఈలు కూడా ఉన్నాయి. పైగా స్లాటులో పట్టినంత మాత్రాన పని చేస్తుందని లేదు. 2015, 2018 మధ్య వచ్చిన ల్యాప్‌టాప్‌లలో కొన్ని ఎం.2 స్లాట్లు సాటాను మాత్రమే ఒప్పుకుంటాయి. ఎన్‌వీఎంఈ పెట్టి బిగిస్తే మెషీన్ మామూలుగానే లేస్తుంది, డ్రైవ్ మాత్రం ఎక్కడా కనిపించదు. కొనే ముందు మీ మోడల్ నంబరుకు తయారీదారు ఇచ్చిన సర్వీస్ మాన్యువల్‌లో స్టోరేజ్ అన్న పేజీ చూడటం తప్ప దీనికి దగ్గర దారి లేదు.

ఇప్పుడు లోపల ఏముందో తెలుసుకోవాలంటే పవర్‌షెల్ తెరిచి ఈ ఒక్క వరస కొట్టండి:

```
Get-PhysicalDisk | Select FriendlyName, MediaType, BusType
```

`MediaType` దగ్గర `HDD` అని ఉంటే, ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయి ఏదో ఒక మంచి ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి. `SSD` అని ఉండి `BusType` దగ్గర `SATA` ఉంటే, టాస్క్ మేనేజర్ వేరే చెప్పనంత వరకు దాన్ని కదిలించనక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌లో రెండున్నర అంగుళాల అర ఒక్కటే ఉంటే ఎలాగూ సాటాయే దిక్కు, అందులో చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఎన్‌వీఎంఈ ఉన్నా అక్కడ `RAID` అని కనబడవచ్చు, కంగారు పడకండి. కొత్త ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు ఈ ఎంపికే దాదాపు లేదు. ఇప్పుడొచ్చేవాటిలో ఎక్కువ భాగం ఎన్‌వీఎంఈతోనే వస్తున్నాయి. అక్కడ నాలుగో తరమా ఐదో తరమా అని బేరమాడే బదులు, రెండో ఎం.2 స్లాటు ఉందా, ర్యామ్ బోర్డుకే అతికించేశారా అని అడగండి. నాలుగో తరం డ్రైవ్‌ను మూడో తరం స్లాటులో పెట్టినా చక్కగా పనిచేస్తుంది, స్లాటు ఇచ్చే వేగానికి సర్దుకుంటుంది. పలుచని ల్యాప్‌టాప్‌లలో మరీ వేగమైన డ్రైవ్‌లు త్వరగా వేడెక్కి తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, కాబట్టి అక్కడ ఆ అదనపు డబ్బుకు ఇంకా విలువ తక్కువ.

చివరగా, సొంతంగా ఎన్‌వీఎంఈ వేసుకుని విండోస్ కొత్తగా ఎక్కించేవాళ్లకు ఒక జాగ్రత్త. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో, ఎక్కడ ఎక్కించాలో అడిగే తెర దగ్గర జాబితా ఖాళీగా వస్తుంది, డ్రైవ్‌లే లేవంటుంది. చాలామంది ఇక్కడ కొత్త డ్రైవ్ చచ్చిపోయి వచ్చిందనుకుని తిరిగి షాపుకు పరిగెత్తుతారు. ముందు బయాస్‌లోకి వెళ్లి చూడండి. అక్కడ డ్రైవ్ పేరు కనిపిస్తుంటే అది బతికే ఉంది. తయారీదారు వెబ్‌సైటు నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ తెచ్చి, విప్పి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి, అదే తెర మీద ఉన్న `Load driver` నొక్కి చూపిస్తే జాబితాలో డ్రైవ్ కనిపిస్తుంది.